మిట్టమధ్యాహ్నపు నీడ చెప్పే అక్షాంశం

బడి ఆవరణలో ఒక కర్రను నిటారుగా నిలిపి, మిట్టమధ్యాహ్నం దాని నీడ పొడవును కొలిచి, ఆ కొలత నుంచి సూర్యుడు ఆకాశంలో ఎంత ఎత్తున ఉన్నాడో, ఆ ఊరు భూమధ్యరేఖకు ఎంత దూరాన ఉందో లెక్కగట్టే ప్రయోగానికి ఒక కర్ర, ఒక కొలత టేపు, ఒక గడియారం, పదో తరగతి త్రికోణమితి ఉంటే చాలు. అయితే పైకి ఒకే ప్రశ్నలా కనిపించే ఈ ప్రయోగంలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. సూర్యుడి ఎత్తు ఎంత అన్న మొదటి ప్రశ్నకు నీడ తనంతట తానే జవాబు చెబుతుంది. ఊరి అక్షాంశం ఎంత అన్న రెండో ప్రశ్నకు మాత్రం నీడ ఒక్కటే చాలదు, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఏ పక్కన, ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో కూడా తెలియాలి. ఈ తేడాను గమనించకుండా చేసిన లెక్కలే ఎక్కువగా దారి తప్పుతాయి.

మొదటి ప్రశ్నకు కావలసింది ఒక లంబకోణ త్రిభుజం మాత్రమే. నిటారు కర్ర ఒక భుజం, నేల మీది నీడ రెండో భుజం, కర్ర కొన నుంచి నీడ కొన దాకా వచ్చే సూర్యకిరణం కర్ణం. నేలకూ ఆ కిరణానికీ మధ్య ఉన్న కోణాన్ని సూర్యుడి ఉన్నతాంశం అంటారు. సూర్యుడు దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు పైకి వచ్చాడో అది చెబుతుంది. కర్రకూ కిరణానికీ మధ్య, అంటే త్రిభుజం పై మూలలో ఉన్న కోణం నతాంశం. నడినెత్తిన ఉండే బిందువైన ఖమధ్యం నుంచి సూర్యుడు ఎన్ని డిగ్రీలు కిందికి వాలి ఉన్నాడో అది చెబుతుంది. ఈ రెండు కోణాల మొత్తం ఎప్పుడూ 90 డిగ్రీలే కనుక ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే. నీడ పొడవును కర్ర ఎత్తుతో భాగిస్తే వచ్చేది నతాంశపు టాంజెంట్ విలువ; పట్టికలోనో, కాల్‌క్యులేటర్‌లో tan⁻¹ మీట నొక్కో ఆ కోణాన్ని రాబట్టవచ్చు. త్రికోణమితి ఇంకా రాని తరగతుల పిల్లలు అదే త్రిభుజాన్ని కాగితం మీద తగ్గించిన కొలతలతో గీసి, కోణమానినితో కోణాన్ని చదవవచ్చు గానీ, కోణమానిని మీద అర డిగ్రీకన్నా సూక్ష్మంగా చదవడం కష్టమని, భూమి మీద అర డిగ్రీ అక్షాంశమంటే దాదాపు 55 కిలోమీటర్లని వారికి ముందే తెలియడం మంచిది.

రెండో ప్రశ్నకు వస్తే, విషువత్తు రోజున, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి 20 లేదా 21న, సెప్టెంబరు 22 లేదా 23న సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాడు. ఆ రోజు భూమధ్యరేఖ మీద నిలిపిన కర్రకు మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నందువల్ల భూమి మీది ఏ రెండు ఊళ్లకైనా అతని కిరణాలు సమాంతరంగా వస్తున్నట్టే లెక్క. కానీ భూమి గుండ్రంగా ఉన్నందువల్ల ఆ ఊళ్లలో నిటారుగా నిలిపిన కర్రలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన నిలిపిన కర్ర, భూమధ్యరేఖ మీది కర్రతో పోలిస్తే, సరిగ్గా 17 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక విషువత్తు మధ్యాహ్నం ఆ కర్ర చూపే నతాంశమే ఆ ఊరి అక్షాంశం. ఆ రోజు అదనపు లెక్క ఏదీ అక్కరలేదు.

భారతీయ జ్యోతిర్గణితం తన లెక్కలకు పునాదిగా ఎంచుకున్నది ఈ రోజునే. సూర్యసిద్ధాంతం మూడో అధ్యాయమైన త్రిప్రశ్నాధికారం దిక్కు, దేశం, కాలం అనే మూడు ప్రశ్నలకు నీడతో జవాబు రాబట్టే పద్ధతిని వివరిస్తుంది. అందులో కర్రకు శంకువు అని పేరు. దాని ఎత్తు 12 అంగుళాలు. విషువత్తు మధ్యాహ్నం ఆ 12 అంగుళాల శంకువు వేసే నీడ పొడవును పలభ అంటారు. ఒక ఊరి అక్షాంశాన్ని డిగ్రీలలో చెప్పడానికి బదులు పూర్వపు గణకులు పలభతో చెప్పేవారు, ఏ కాలంలో పగలు ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో దాని నుంచే లెక్కగట్టేవారు. హైదరాబాదుకు ఈ పలభ సుమారు మూడు ముప్పాతిక అంగుళాలు వస్తుంది. ఇక్కడ అంగుళం ఎంత పొడవన్నది ముఖ్యం కాదు. నీడనూ శంకువునూ ఒకే కొలమానంతో కొలిచినంత కాలం నిష్పత్తి మారదు కనుక, మీటరు కర్ర పెట్టిన నేటి బడిలో అదే నీడ 31 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది.

విషువత్తు ఇంత సులువైన రోజైనా, తెలుగు ప్రాంతపు బడులకు అది అంత అనువైన రోజు కాదు. సెప్టెంబరులో మబ్బులు అడ్డు వస్తాయి. మార్చిలో ఆకాశం నిర్మలంగానే ఉన్నా, ఆ నెల మధ్యలో సాధారణంగా ఒంటిపూట బడులు మొదలై పన్నెండున్నరకల్లా పిల్లలు ఇళ్లకు బయలుదేరతారు. హైదరాబాదులో మార్చి 21న సూర్యుడు నడి ఆకాశానికి చేరేది గడియారం ప్రకారం 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో కనుక, ఆ క్షణానికి ఇరువైపులా నీడను గమనించడానికి వ్యవధి ఉండదు. అదీగాక విషువత్తు రోజుల్లోనే సూర్యుడు ఉత్తర దక్షిణాల మధ్య అతివేగంగా కదులుతాడు; రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు. ఒక్క రోజు ముందో వెనకో కొలిచి విషువత్తు సూత్రాన్ని అలాగే వాడితే అక్షాంశం 44 కిలోమీటర్లు తప్పుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన రోజు డిసెంబరు 22. భూమి అక్షం తన కక్ష్యాతలపు లంబానికి 23.44 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల, సూర్యుడు ఏడాది పొడవునా భూమధ్యరేఖకు ఉత్తరంగా 23.44 డిగ్రీల దాకా, దక్షిణంగా అంతే దూరం దాకా జరుగుతూ వస్తున్నట్టు కనిపిస్తాడు. ఏదైనా ఒక రోజున భూమధ్యరేఖ నుంచి సూర్యుడికి ఉన్న ఈ కోణీయ దూరాన్ని క్రాంతి అంటారు. ఉత్తరంగా ఉంటే ధనం, దక్షిణంగా ఉంటే ఋణం. డిసెంబరు 21, 22 తేదీల్లో క్రాంతి తన దక్షిణపు అంచుకు చేరి అక్కడే తిరుగుముఖం పడుతుంది కనుక, ఆ తేదీకి అటూ ఇటూ రెండు మూడు రోజుల పాటు దాని విలువ లెక్కలోకి తీసుకోదగినంతగా మారదు. మబ్బు పట్టి ప్రయోగం మర్నాటికి వాయిదా పడినా నష్టం లేదు. ఆ రోజుల్లో బడులు పూర్తి పూట నడుస్తాయి, ఎండా భరించదగినట్టే ఉంటుంది.

అక్షాంశం = నతాంశం + క్రాంతి అన్నది సాధారణ సూత్రం. డిసెంబరులో క్రాంతి ఋణసంఖ్య కనుక దాన్ని కలపడమంటే 23.44ను తీసివేయడమే. ఇతర రోజులకు క్రాంతి విలువను కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా ప్రచురించే ఖగోళ పట్టికల నుంచి తీసుకోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో, గైడుల్లో కనిపించే కొసైన్ సూత్రం భూమి కక్ష్యను పరిపూర్ణ వృత్తంగా భావిస్తుంది గనుక డిసెంబరులో సరిగ్గానే పనిచేసినా సెప్టెంబరు చివరి వారానికి దాదాపు ఒక డిగ్రీ తప్పు చూపుతుంది. ప్రయోగంలోని మిగిలిన దోషాలన్నిటికన్నా అది పెద్దది.

తెలుగు ఇళ్లలో ఇంకొక పొరపాటుకు చోటుంది. ఉత్తరాయణం అనగానే మకర సంక్రాంతి గుర్తుకు వస్తుంది గానీ, సంక్రాంతి నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన గణనను అనుసరిస్తుంది. సూర్యుడు ఉత్తరానికి తిరగడం అంతకు మూడు వారాలకు పైగా ముందే, డిసెంబరులోనే జరిగిపోతుంది. ఈ సంగతిని తేల్చడానికి వాదన అక్కరలేదు, మీటరు కర్ర చాలు. హైదరాబాదులో డిసెంబరు 22న 86 సెంటీమీటర్లకు పైగా ఉండే మధ్యాహ్నపు నీడ సంక్రాంతి నాటికి సుమారు 80 సెంటీమీటర్లకు కుంచించుకుపోయి ఉంటుంది. ఆ రోజు క్రాంతి దాదాపు 21.3 డిగ్రీల దక్షిణం; ఉత్తరాయణం అప్పుడే మొదలైందనుకొని 23.44 తీసివేస్తే హైదరాబాదు రెండు డిగ్రీలకు పైగా దక్షిణానికి, అంటే దాదాపు కర్నూలును కూడా దాటి కిందికి జారిపోతుంది.

ఇక మిట్టమధ్యాహ్నం అంటే ఎప్పుడన్నది తేలాలి. గడియారం చూపే 12 గంటలు దేశమంతటికీ ఒకటే, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందిన సమయం. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో తుని పరిసరాల మీదుగా సాగుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, ఆ రేఖకు 4 డిగ్రీల పడమరన ఉన్న హైదరాబాదులో సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నడి ఆకాశానికి వస్తాడు. దీనికి తోడు, భూమి కక్ష్య దీర్ఘవృత్తాకారంలో ఉండటం వల్ల, అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు గడియారం కన్నా ముందుగా, కొన్నాళ్లు వెనకగా నడుస్తాడు. ఈ తేడాను కాల సమీకరణం అంటారు. ఫిబ్రవరి రెండో వారంలో అది 14 నిమిషాల వెనకబాటుకు, నవంబరు మొదటి వారంలో 16 నిమిషాల ముందడుగుకు చేరుతుంది. అందువల్ల ఒక వింత జరుగుతుంది: నవంబరు 3 ప్రాంతంలో ఈ 16 నిమిషాల ముందడుగు హైదరాబాదు 16 నిమిషాల ఆలస్యాన్ని సరిగ్గా కొట్టేసి, ఆ నగరంలో సూర్యుడూ గడియారమూ ఒకేసారి 12 చూపిస్తాయి. డిసెంబరు 22న సూర్యుడు ఒకటిన్నర నిమిషం మాత్రమే ముందుంటాడు కాబట్టి హైదరాబాదు మధ్యాహ్నం 12 గంటల 14 నిమిషాల ముప్పై సెకన్ల ప్రాంతంలో పడుతుంది. తుని రేఖకు తూర్పున ఉన్న విశాఖపట్నంలో అదే రోజు 12 కొట్టకముందే, 11 గంటల 55 నిమిషాల ప్రాంతంలోనే మధ్యాహ్నం అయిపోతుంది.

గడియారాన్ని పక్కన పెట్టి నీడనే అడగడం ఇంకా మంచి పద్ధతి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణమే మధ్యాహ్నమని నిర్వచనం చెబుతుంది గానీ, ఆ క్షణాన్ని పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు దాదాపు నిలిచిపోతుంది. డిసెంబరులో హైదరాబాదులో మీటరు కర్ర నీడ మధ్యాహ్నానికి 5 నిమిషాల అటూ ఇటూ అర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది, 10 నిమిషాలకు రెండు మిల్లీమీటర్లు దాటుతుంది, 30 నిమిషాలకు గానీ రెండు సెంటీమీటర్లు కాదు. సమయాన్ని కనిపెట్టాలనుకునేవారికి ఇది ఇబ్బంది. పొడవును కొలవాలనుకునేవారికి వరం. కొలతను అజాగ్రత్తగా గడియారపు 12 గంటలకే చేసినా నీడ సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ వస్తుంది, అక్షాంశంలో తప్పు 17 కిలోమీటర్లు దాటదు. మధ్యాహ్న సమయం గురించి ఉపాధ్యాయులు పడే ఆందోళనలో సగం, ముందు ముందు చెప్పబోయే దోషాల మీదికి మళ్లిస్తే ప్రయోగం బాగుపడుతుంది.

సమయమూ, దిక్కూ రెండూ తేలాలంటే సూర్యసిద్ధాంతం చెప్పిన వృత్తం పద్ధతే ఇప్పటికీ చక్కనిది. కర్ర అడుగు కేంద్రంగా నేల మీద ఒక వృత్తం గీసి, ఉదయం కుదించుకుపోతున్న నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత పెరుగుతున్న నీడ కొన మళ్లీ వృత్తాన్ని తాకి బయటికి పోయిన చోట ఇంకొక గుర్తు పెడతారు. ఆ రెంటినీ కలిపే గీత తూర్పు పడమరలను, దాని లంబ సమద్విఖండన రేఖ ఉత్తర దక్షిణాలను చూపుతాయి. రెండు గుర్తుల సమయాలకు సరిగ్గా మధ్యనున్న సమయమే మధ్యాహ్నం. నీడ కొన వృత్తాన్ని చురుగ్గా దాటిపోయే వేళలో గుర్తు పెడతారు కనుక ఈ మధ్య సమయం నిమిషానికి అటూ ఇటూగా సరిపోతుంది. దిక్సూచి పక్కన ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మనక్కరలేదు. బడి కిటికీల ఊచలు, నేలలోని ఇనుప కమ్ములు దాని ముల్లును పక్కకు లాగుతాయి, సూర్యుడిని లాగలేవు.

కొలతను పాడుచేసేవాటిలో మొదటిది కర్ర వాలు. మీటరు కర్ర ఉత్తర దక్షిణ దిశలో ఒక్క డిగ్రీ ఒరిగితే దాని కొన పావుతక్కువ రెండు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది, నీడ కొన కూడా అంతే జరుగుతుంది. డిసెంబరు నీడలో అది అక్షాంశాన్ని అరడిగ్రీకి పైగా, అంటే దాదాపు 64 కిలోమీటర్లు తప్పిస్తుంది. ఒక డిగ్రీ వాలును కంటితో పసిగట్టడం తేలిక కాదు. ఇసుక డబ్బాలో గుచ్చిన కర్రలు, జెండా కర్రలు, వాలీబాల్ నెట్ స్తంభాలు అన్నీ ఎంతో కొంత ఒరిగే ఉంటాయి. దీనికి విరుగుడు కర్రను మరింత నిటారుగా నిలపడం కాదు, కొలతను కర్ర అడుగు నుంచి మొదలుపెట్టకపోవడం. కర్ర కొన నుంచి ఒక దారానికి బరువు కట్టి, మేస్త్రీలు గోడకు పట్టే తూకపు గుండులాగా వేలాడదీసి, అది నేలను తాకబోయే బిందువును గుర్తుపెట్టి, ఎత్తునూ నీడనూ ఆ బిందువు నుంచే కొలిస్తే కర్ర ఎంత వాలినా లెక్కకు సంబంధం ఉండదు. నీడ వేసేది కొన మాత్రమే, దానికి నిలువుగా కింద ఉన్న బిందువు దొరికితే చాలు. గాలికి దారం ఊగితే బరువును ఒక గిన్నెడు నీళ్లలో ముంచితే కుదుటపడుతుంది.

రెండోది నేల వాలు. బడి ఆవరణలు, వరండాలు, డాబాలు చదునుగా ఉన్నట్టు కనిపించినా, వాన నీరు నిలవకుండా ఒకవైపు వాలు ఇచ్చే కట్టి ఉంటాయి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున ఉత్తరానికి వాలు ఉన్న నేల మీద డిసెంబరు నీడ 7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అక్షాంశంలో 28 కిలోమీటర్ల తప్పు. సూర్యసిద్ధాంతం ప్రయోగాన్ని నీటితో మట్టం చూసిన రాతి తలం మీద గానీ, గట్టి గచ్చు మీద గానీ చేయమని ముందుగానే షరతు పెట్టడానికి కారణం ఇదే. నేటి బడిలో ఒక ప్లైవుడ్ పలక కింద అట్టముక్కలు సర్దుతూ, మేస్త్రీల రసమట్టంలోని గాలి బుడగ నడుమకు వచ్చేదాకా చూసుకుంటే సరిపోతుంది; బుడగను ఉత్తర దక్షిణాల్లో చూడటం ముఖ్యం, తూర్పు పడమరల్లో కాస్త వాలు ఉన్నా మధ్యాహ్నపు నీడకు పెద్ద నష్టం లేదు.

మూడోది, పిల్లలను అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది, నీడ కొన ఎక్కడన్న ప్రశ్న. దగ్గరికి వంగి చూస్తే కొన పదునుగా ఉండదు. నల్లని నీడ క్రమంగా పలచబడి వెలుగులో కలిసిపోతుంది. సూర్యుడు బిందువు కాదు, ఆకాశంలో అర డిగ్రీకి కాస్త మించిన వెడల్పున్న బింబం కావడమే దీనికి కారణం. బింబం మొత్తాన్ని కర్ర కప్పేసిన చోట పూర్తి నీడ పడుతుంది, దాన్ని ప్రచ్ఛాయ అంటారు. బింబంలో కొంత భాగమే కప్పబడిన చోట పలచని నీడ పడుతుంది, దాన్ని ఉపచ్ఛాయ అంటారు. హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నం మీటరు కర్ర కొన దగ్గర ఈ పలచని మేర పదహారు మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. కన్ను సహజంగా నల్లని భాగం ముగిసే చోటునే కొనగా ఎంచుకుంటుంది, కానీ ఆ చోటికి వచ్చే కిరణం సూర్యబింబపు పై అంచుది, నడిబొడ్డుది కాదు. కాబట్టి నీడ 8 మిల్లీమీటర్లు తక్కువగా, సూర్యుడు పావు డిగ్రీకి పైగా ఎక్కువ ఎత్తున ఉన్నట్టు తేలుతుంది. ఊరు దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా ఈ దోషం పోదు, ఎందుకంటే అది ప్రతిసారీ ఒకే వైపుకు లాగుతుంది. కర్రను పొడవు చేసినా ప్రయోజనం లేదు. నీడతో పాటు పలచని మేర కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

దీన్ని దాటే ఉపాయం చైనాలో 13వ శతాబ్దంలోనే అమలయింది. గువో షౌజింగ్ అనే ఖగోళవేత్త హెనాన్ ప్రాంతపు డెంగ్‌ఫెంగ్ దగ్గర 40 చైనా అడుగుల ఎత్తున అడ్డకమ్మీ ఉన్న నీడ గోపురాన్ని నిర్మింపజేసి, నేల మీద చిన్న రంధ్రం ఉన్న రేకును జరుపుతూ, ఆ రంధ్రం గుండా పడే సూర్యబింబపు ప్రతిరూపం సరిగ్గా మధ్యకు అడ్డకమ్మీ నీడ వచ్చేలా చూసి కొలిచేవాడు. బడిలో అంత ఏర్పాటు అక్కరలేదు. కర్ర కొనకు ఒక అట్టముక్కను అతికించి, అందులో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే, అట్ట నీడ మధ్యలో ఒక చిన్న కోలగా ఉన్న వెలుగు చుక్క నేల మీద పడుతుంది. అది రంధ్రపు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మే. దాని రెండు చివర్లను పెన్సిలుతో గుర్తించి, నడిమధ్యను తీసుకుంటే అదే సూర్యకేంద్రం నుంచి వచ్చిన కిరణం పడిన చోటు. ఎత్తును రంధ్రం నుంచి కొలవాలి, తూకపు దారాన్నీ రంధ్రం దగ్గరి నుంచే వేలాడదీయాలి.

ఈ ఏర్పాటుతో హైదరాబాదులోని ఒక బడిలో డిసెంబరు 22న కొలతలు ఎలా వస్తాయో ఒక ఉదాహరణగా చూడవచ్చు. రంధ్రం ఎత్తు సరిగ్గా 100 సెంటీమీటర్లు అనుకుంటే, వెలుగు చుక్క దూరం 11:54కు 87.6 సెంటీమీటర్లు, 12:04కు 86.9, 12:14కు 86.7, 12:24కు మళ్లీ 86.9, 12:35కు మళ్లీ 87.6గా నమోదయిందనుకోవాలి. సమాన దూరాలున్న 11:54, 12:35 సమయాల మధ్య బిందువు 12 గంటల 14 నిమిషాల ముప్పై సెకన్లు. లెక్క ప్రకారం రావలసిన మధ్యాహ్నం కూడా అదే కనుక గుర్తులు సవ్యంగానే పడ్డాయని నమ్మవచ్చు. అతి తక్కువ దూరమైన 86.7ను 100తో భాగిస్తే 0.867; ఆ టాంజెంట్‌కు తగిన నతాంశం 40.93 డిగ్రీలు, సూర్యుడి ఉన్నతాంశం 49.07 డిగ్రీలు. నతాంశం నుంచి 23.44 తీసివేస్తే అక్షాంశం 17.49 డిగ్రీలు. హైదరాబాదు నడిబొడ్డు అక్షాంశం 17.39 కనుక తప్పు 0.1 డిగ్రీ, నేల మీద 11 కిలోమీటర్లు. దానికి కారణం మూడు మిల్లీమీటర్ల కొలత దోషం. ఈ నీడలో ఒక్కొక్క మిల్లీమీటరు విలువ మూడున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుందని గుర్తుంచుకుంటే, ఫలితాన్ని 17.4853 అంటూ కాల్‌క్యులేటర్ చూపిన అంకెలన్నీ ఎక్కించి రాయడం ఎందుకు తగదో విద్యార్థికే తెలిసిపోతుంది. గాలి పొర కిరణాన్ని వంచడం వల్ల వచ్చే తేడా ఇంత ఎత్తున ఉన్న సూర్యుడికి ఒకటిన్నర కిలోమీటర్లకు మించదు, దాన్ని వదిలేయవచ్చు.

ఇదే ప్రయోగాన్ని వేసవిలో చేసినవారికి తెలుగు నేల ఒక చిక్కు పెడుతుంది. రెండు రాష్ట్రాలూ పూర్తిగా కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల, ఇక్కడి ప్రతి ఊరి నడినెత్తి మీదికీ సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం నిటారు కర్ర నీడ దాని అడుగునే అణగిపోతుంది. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు ఖమధ్యానికి ఉత్తరంగా దాటిపోతాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న హైదరాబాదులో మీటరు కర్ర నీడ 10.6 సెంటీమీటర్లు, నతాంశం 6.05 డిగ్రీలు. దీన్ని ఆ రోజు క్రాంతి అయిన 23.44కు అలాగే కలిపితే అక్షాంశం 29.5 డిగ్రీలు వస్తుంది; హైదరాబాదు దిల్లీని కూడా దాటి ఉత్తరానికి వెళ్లిపోయినట్టు. నీడ దక్షిణంగా పడినప్పుడు నతాంశాన్ని ఋణసంఖ్యగా తీసుకోవాలి, అప్పుడు 23.44 నుంచి 6.05 పోగా 17.39 సరిగ్గా వస్తుంది. కొలతల పుస్తకంలో పొడవు పక్కన నీడ ఏ దిక్కుకు పడిందో రాయకపోతే ఆ కొలత సగమే చేసినట్టు. వేసవిలో గడియారం విషయంలోనూ పట్టింపు పెరుగుతుంది. సూర్యుడు నెత్తి మీదుగా పోయే మే 9న మధ్యాహ్నానికి పావుగంట తేడా వస్తే, అసలు ఉండకూడని చోట ఆరు సెంటీమీటర్ల నీడ కనిపిస్తుంది. డిసెంబరులో అదే పావుగంట అర సెంటీమీటరుతో పోయింది.

క్రాంతి పట్టిక చేతిలో లేనివారికి, లేదా దాన్ని గుడ్డిగా నమ్మడం ఇష్టం లేనివారికి ఇంకొక మార్గముంది. ఒకే రోజున రెండు ఊళ్ల బడులు తమ తమ మధ్యాహ్నాల్లో నీడను కొలిచి, నతాంశాలను మాత్రం పంచుకుంటే, వాటి తేడాయే అక్షాంశాల తేడా. క్రాంతి రెండింటిలోనూ ఒకటే కనుక తీసివేతలో కొట్టుకుపోతుంది. రెండు బడులూ నల్లని కొననే గుర్తించి ఉంటే పావు డిగ్రీ దోషం కూడా దానితోపాటే పోతుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియా, సియీన్ నగరాల మధ్య తేడాను పూర్తి వృత్తంలో యాభయ్యో వంతుగా తీసుకొని భూమి చుట్టుకొలతను లెక్కగట్టినది ఈ మార్గంలోనే. ఆదిలాబాదు, అనంతపురం దాదాపు ఒకే రేఖాంశం మీద, ఒకదానికి నేరుగా కింద ఇంకొకటి ఉన్నట్టుగా ఉంటాయి. డిసెంబరు 22న మీటరు కర్ర నీడ ఆదిలాబాదులో 93.6 సెంటీమీటర్లు, అనంతపురంలో 78.5 సెంటీమీటర్లు రావాలి, నతాంశాలు 43.1, 38.1 డిగ్రీలు. 5 డిగ్రీల తేడా అంటే వృత్తంలో 72వ వంతు. పటం మీద ఆ రెండు ఊళ్ల ఉత్తర దక్షిణ దూరం సుమారు 550 కిలోమీటర్లు కనుక భూమి చుట్టుకొలత 39,600 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల మీదుగా అసలు కొలత దాదాపు 40,000. ఇక్కడ వాడవలసింది పటం మీద స్కేలుతో తీసిన దూరాన్నే. హైదరాబాదు, కర్నూలుల మీదుగా వంకలు తిరిగే రోడ్డు దూరాన్ని వాడితే భూమి వేల కిలోమీటర్లు ఉబ్బిపోతుంది. ఆదిలాబాదు మధ్యాహ్నం అనంతపురం కన్నా మూడున్నర నిమిషాలకు పైగా ముందే వస్తుంది. రెండు చోట్లా ఒకే క్షణంలో కొలవాలని ఫోనులో లెక్క పెట్టుకోవడం వృథా శ్రమ, ఎవరి నీడ పొట్టిదైనప్పుడు వారు కొలుచుకుంటే చాలు.